ఒకే సరుకు, రెండు పెట్టెలు

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం మా చెల్లెలు కడప నుంచి ఫోన్ చేసింది. అంగట్లో నిలబడే మాట్లాడుతోంది.

"అన్నా, పాపకు ల్యాప్‌టాప్ తీసుకుందామని వచ్చినాం. రెండు చూపించినాడు. రెండూ ఇరవై రెండు వేలే. ఒకదాంట్లో విండోస్ ఉందంట, ఇంకోటి క్రోమ్‌బుక్కంట. ఆయప్పేమో విండోసే తీసుకోండి, అన్నీ వస్తాయి అంటాండాడు. ఏం జేయమంటావు?"

అట్టపెట్టెల మీద ఏం రాసుందో చదవమన్నాను. ఓపిగ్గా చదివింది. రెండింట్లోనూ ఇంటెల్ సెలెరాన్ ఎన్4500 ప్రాసెసరే. రెండింట్లోనూ నాలుగు జీబీ ర్యామే. నిల్వకు రెండింట్లోనూ ఈఎంఎంసీ అనే చిప్పే, అంటే మన ఫోన్లలో ఉండే రకం. కంపెనీ పేరు, పైన రంగు తప్ప లోపలి సరుకంతా ఒకటే.

"అయితే ఏదైనా ఒకటే కదన్నా?"

కాదు. లోపలి సరుకు ఒకటే కాబట్టే తేడా బాగా తెలుస్తుంది. డబ్బు బాగా పెట్టగలిగినప్పుడు ఈ ప్రశ్నకు అంత బలం లేదు. యాభై వేలు పెడితే విండోస్ యంత్రం ఏదైనా పిల్లల చదువుకు సరిపోతుంది. ఇరవై, పాతిక వేల దగ్గరే అసలు పేచీ. కర్నూలు, కడపల్లో పిల్లలకు ల్యాప్‌టాప్ కొనేవాళ్లలో ఎక్కువమంది ఆగేది కూడా అక్కడే.

ముందు ఆ నాలుగు జీబీల సంగతి. మన ఇళ్లలో వంటగదిలో కడప బండ వేసిన గట్టు ఉంటుంది. కూరగాయలు తరగడం, పిండి కలపడం, వడ్డించడం అన్నీ దాని మీదే. పైన అటక ఉంటుంది, గిన్నెలూ సామాన్లూ అక్కడ. ర్యామ్ అంటే గట్టు. డిస్కు, ఈఎంఎంసీ లాంటివి అటక. గట్టు మీద చోటు ఉన్నంతసేపు వంట చకచకా సాగుతుంది. చోటు చాలకపోతే ఒక గిన్నె అటక మీద పెట్టి ఇంకొకటి దించాలి, మళ్లీ అది పెట్టి ఇది దించాలి. వంట సగం, నిచ్చెన ఎక్కడం సగం.

విండోస్ 11 అనే వంటమనిషికి తన సామాను ఎక్కువ. పిల్లలు ఇంకా ఏమీ తెరవకముందే, నేను చూసిన నాలుగు జీబీ యంత్రాల్లో రెండున్నర జీబీకి అటూ ఇటూ ఆమె సామానే పరుచుకుని ఉంది. మిగిలిన చోటులో జూమ్ క్లాసు, బ్రౌజర్లో పాఠం పీడీఎఫ్, పక్కన నోట్సు రాసుకునే వర్డ్ పెట్టాలి. పట్టవు. ఇక అటక ప్రయాణాలు మొదలు. క్రోమ్‌ఓఎస్ ప్రధానంగా ఒక బ్రౌజర్ చుట్టూ కట్టిన వ్యవస్థ. దాని సొంత సామాను తక్కువ. పైగా చోటు చాలనప్పుడు అటక ఎక్కే ముందు గట్టు మీది వస్తువులనే ఒకదాంట్లో ఒకటి పేర్చి చోటు చేసుకుంటుంది. అందుకే ఆ సెలెరాన్ మీదే, ఆ నాలుగు జీబీల్లోనే ఒకటి నడుస్తుంది, ఇంకొకటి ఈడుస్తుంది.

ఈ ఈడ్పు ఎట్లుంటుందో మా తమ్ముడింట్లో కర్నూల్లో అయిదేళ్లు చూశాను. 2020లో బళ్లు మూతపడి చదువు ఫోన్లలోకి వచ్చినప్పుడు వాడు కొడుకు కోసం ఒక విండోస్ 10 ల్యాప్‌టాప్ కొన్నాడు. నాలుగు జీబీ ర్యామ్, తిరిగే పళ్లెం ఉన్న పాతరకం 500 జీబీ హార్డ్ డిస్కు. అప్పట్లో అదే మామూలు కొలత. 2021 జనవరిలో నెల్లూరులో అమ్మఒడి సభలో అప్పటి ముఖ్యమంత్రి, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివే పిల్లలు డబ్బు వద్దనుకుంటే ల్యాప్‌టాప్ ఇస్తామన్నాడు. తర్వాత పత్రికల్లో వచ్చిన వివరమూ దాదాపు ఇదే: నాలుగు జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు, 14 అంగుళాల తెర, విండోస్ 10. ఆ ల్యాప్‌టాప్‌లు చివరికి పిల్లల చేతికి రాలేదు. 2022 డిసెంబర్లో ఎనిమిదో తరగతి వాళ్లకు పాఠాలు ముందే నింపిన ట్యాబ్‌లు వచ్చాయి. ల్యాప్‌టాప్‌లు రాలేదని నేను పెద్దగా బాధపడలేదు, ఎందుకంటే ఆ కొలత యంత్రం మా తమ్ముడింట్లో ఏం చేస్తోందో అప్పటికే చూస్తున్నాను.

తొమ్మిది గంటల క్లాసుకు తమ్ముడి కొడుకు ఎనిమిదిన్నరకే బటన్ నొక్కేవాడు. తెర వచ్చేది గానీ పది నిమిషాల దాకా ఏదీ కదిలేది కాదు. క్లాసు మొదలయ్యాక టీచరమ్మ గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చేది. "నెట్ బాలేదు పెద్దనాయనా" అనేవాడు. ఇంటిల్లిపాదీ అదే అనుకున్నారు. నెట్ కంపెనీ మార్చారు కూడా.

నెట్ తప్పా, యంత్రం తప్పా అని తెలుసుకోవడానికి నేను వాడికి చెప్పిన పరీక్ష చాలా చిన్నది. టీచర్ బొమ్మ ఆగిపోయినప్పుడు మౌస్ బాణాన్ని గుండ్రంగా తిప్పు, స్టార్ట్ మెనూ తెరిచి చూడు. బాణం హాయిగా తిరిగి మెనూ టక్కున తెరుచుకుంటే నెట్ బాలేదు. బాణం కూడా అక్కడక్కడ అతుక్కుపోతూ, మెనూ కొంతసేపటికి తెరుచుకుంటే పాపం నెట్‌ది కాదు. ఇంకా ఖాయంగా తెలియాలంటే Ctrl+Shift+Esc నొక్కితే Task Manager వస్తుంది. మా వాడి యంత్రంలో Memory 92 శాతం, Disk 100 శాతం చూపించింది. ఆ 100 అంటే డిస్కు నిండిందని కాదు, ఒక్క క్షణం ఖాళీ లేకుండా అటక ఎక్కి దిగుతోందని. నెట్ కంపెనీ మార్చిన డబ్బులు ఊరికే పోయాయి.

ఇప్పటి చౌక విండోస్ యంత్రాల్లో తిరిగే డిస్కు బదులు ఈఎంఎంసీ వస్తోంది కాబట్టి అంత ఘోరం ఉండదు. కానీ గట్టు మాత్రం అంతే. దాని మీద పరిచే సామాను పెరిగింది.

రెండో సంగతి హాట్‌స్పాట్. మన దగ్గర కరెంటు పోతే ఇంట్లో వైఫై పెట్టె కూడా పోతుంది. అప్పుడు అమ్మ ఫోన్లోని హాట్‌స్పాటే దిక్కు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్ అనుకుందాం. వీడియో క్లాసుకు గంటకు సుమారు అర జీబీ నుంచి ఒక జీబీ దాకా పోతుంది. కాబట్టి సగటు లెక్క ప్రకారం రెండు క్లాసులు గట్టెక్కాలి. మా తమ్ముడింట్లో ఒకరోజు పదిన్నరకే "మీ డేటా అయిపోయింది" అని మెసేజ్ వచ్చింది. పిల్లోడు యూట్యూబ్ చూశాడని తిట్లు తిన్నాడు. వాడు చూడలేదు. విండోస్ వెనకాల తన అప్‌డేట్ దించుకుంటోంది. నెలనెలా వచ్చేవి ఒక్కోసారి జీబీ దాటతాయి, పెద్ద మార్పు వచ్చినప్పుడు నాలుగైదు జీబీలు.

దీనికి మందుంది, చాలామందికి తెలియదు. హాట్‌స్పాట్‌కు కలిపాక Settings లోకి వెళ్లి, Network & internet, Wi-Fi, ఆ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి properties తెరిస్తే Metered connection అని ఒక మీట ఉంటుంది. అది On చేస్తే, ఇది లెక్కపెట్టి ఇచ్చే నీళ్ల కొళాయి, ఊరికే పారించొద్దు అని విండోస్‌కు చెప్పినట్టు. ఒక్కో హాట్‌స్పాట్‌కు ఒక్కసారి చేస్తే చాలు. అయితే నాన్న ఫోన్ వేరు, అమ్మ ఫోన్ వేరు. రెండింటికీ చేయాలి.

క్రోమ్‌బుక్‌కూ అప్‌డేట్లు ఉంటాయి, సుమారు నాలుగు వారాలకు ఒకసారి. అవి తరచూ వందల ఎంబీల్లో పోతాయి. వచ్చే తీరు కూడా వేరు. లోపల వ్యవస్థకు రెండు గదులుంటాయి. పిల్ల ఒక గదిలో చదువుకుంటుంటే కొత్తది రెండో గదిలో సర్దుకుంటుంది. మళ్లీ యంత్రం ఆపి వేసినప్పుడు రెండో గది తలుపు తెరుచుకుంటుంది, అంతే. విండోస్‌లో అయితే నీలం తెర మీద శాతాలు పెరుగుతుంటే, అవతల క్లాసులో హాజరు పిలుస్తుంటే, ఇవతల పిల్ల ఏడుపు ముఖంతో కూర్చోవడం నేను చూశాను. క్లాసుకు పనికొచ్చే యంత్రం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే: మూత తీయగానే తయారుగా ఉండాలి.

ఇక ఎండ. ల్యాప్‌టాప్ కంపెనీలు చాలా వరకు తమ యంత్రాలు వాడాల్సిన గది వేడి 35 డిగ్రీల లోపు ఉండాలని కాగితాల్లో రాసిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూల్లో, కడపలో బయట 42 దాటడం వార్తే కాదు. బండల మిద్దె కింద సాయంత్రం నాలుగింటికి గది ఎట్లుంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ లెక్కన మన వేసవికి రెండు రకాలూ తయారు కాలేదు. కానీ వేడి పుట్టించడంలో తేడా ఉంది. ఎన్4500 లాంటి చిన్న ప్రాసెసర్‌కు ఇంటెల్ పెట్టిన విద్యుత్తు కొలత ఆరు వాట్లు. మామూలు ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఐ3, ఐ5 ల కొలత తరచూ పదిహేను వాట్లు. ఆరు వాట్ల యంత్రాన్ని చాలా క్రోమ్‌బుక్‌లలో ఫ్యాను లేకుండానే కడతారు. ఫ్యాను లేకపోతే చప్పుడు లేదు, మన ఎర్రమట్టి దుమ్మును లోపలికి పీల్చుకునే బొక్క లేదు. పదిహేను వాట్ల దానికి ఫ్యాను ఉంటుంది, రెండేళ్లకు దాని రెక్కలకు దూది పట్టినట్టు దుమ్ము పడుతుంది. అప్పుడు లోపలి వేడి బయటికి పోదు. ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను విమానంలా మోగుతూ క్లాసు నత్తలా నడిస్తే రోగం ఇదే. విప్పి దుమ్ము దులిపిస్తే చాలావరకు నయమవుతుంది.

ఒక చిన్న విషయం ఇక్కడ చెప్పాలి. మా మేనకోడలు మంచం మీద బొంత పరిచి దాని మీద క్రోమ్‌బుక్ పెట్టుకునేది. ఫ్యాను లేనిదే అయినా, అడుగు భాగం నుంచి వేడి పోవాలి కదా. అరగంటకు అడుగు చెయ్యి పెట్టలేనంత కాలేది. తీసి నాపరాళ్ల గచ్చు మీద పెట్టించాను. పది నిమిషాల్లో చల్లబడింది. రాయి వేడిని లాక్కుంటుంది. కడపలో ఉంటూ వెయ్యి రూపాయలు పెట్టి కూలింగ్ ప్యాడ్ కొనడం ఎందుకు? ఒక చిన్న నున్నటి బండ ముక్క ఉంటే చాలు, యాభై రూపాయలకు ఎవరైనా ఇస్తారు.

ఛార్జింగ్ సంగతి కూడా కరెంటుతో ముడిపడిందే. ఇప్పటి క్రోమ్‌బుక్‌లకు యూఎస్‌బీ-సీ ఛార్జరే వస్తుంది, ఎక్కువగా 45 వాట్లది. అంతటి శక్తి ఇవ్వగల పవర్ బ్యాంకు ఇంట్లో ఉంటే దాంతోనే యంత్రాన్ని ఎక్కించుకోవచ్చు. ఫోన్‌కు వాడే పది వాట్ల పవర్ బ్యాంకుతో కాదు. చౌక విండోస్ ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి ఇంకా గుండ్రటి పిన్ను ఛార్జరే ఉంటుంది. దానికి ఇన్వర్టర్ తప్ప దారి లేదు. కొనేముందు పక్కనున్న రంధ్రం ఏ ఆకారంలో ఉందో చూసుకోవడానికి అర నిమిషం చాలు.

ఇంతదాకా చదివితే క్రోమ్‌బుక్ మీద నాకు మోజు ఉన్నట్టుంది. ఉంది కూడా, ఏడో తరగతి పిల్ల విషయంలో. అసలు "విండోస్‌లో అన్నీ వస్తాయి" అన్న ఆ అంగడాయన మాటలో అబద్ధమేమీ లేదు. ఆ "అన్నీ"లో మన పిల్లకు కావలసినవి ఎన్ని అన్నదే లెక్క. మా చెల్లెల్ని బడి ఏమేమి అడుగుతుందో చెప్పమన్నాను. ఆదివారం ట్యూషన్ జూమ్‌లో. బడి పని గూగుల్ క్లాస్‌రూమ్‌లో. నెలకొక ప్రాజెక్టు, అందులో తెలుగు ప్రాజెక్టు తెలుగులోనే టైపు చేసి ప్రింటు తేవాలి. కంప్యూటర్ పీరియడ్లో స్క్రాచ్ బొమ్మలాట. జూమ్, క్లాస్‌రూమ్ రెండూ క్రోమ్‌బుక్‌లో నడుస్తాయి. స్క్రాచ్ బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది. మిగిలింది తెలుగు ప్రాజెక్టు.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. పాప "మా ఊరి బండలు" అని నాలుగు పేజీలు రాసింది. మొత్తం తనే టైపు చేసింది. క్రోమ్‌బుక్‌లో భాషల సెట్టింగ్‌లో తెలుగు కలిపితే, ఇంగ్లిష్ అక్షరాలతో amma అని కొడితే అమ్మ అని వచ్చే పద్ధతి దొరుకుతుంది. విండోస్‌లో కూడా 2019 నుంచి Telugu Phonetic అనే కీబోర్డు వ్యవస్థలోనే ఉంది. కాబట్టి టైపు చేయడంలో రెండూ సమానమే. గూగుల్ డాక్స్‌లో తెలుగు ఫాంట్లు బోలెడు. మండలి, రామభద్ర, ధూర్జటి, సూరన్న, పెద్దన. పాప శీర్షికకు పెద్దన ఫాంటు పెట్టింది. కోకట అగ్రహారం పుచ్చుకున్న మా కడప సీమ కవి పేరున్న ఫాంటు కదా అని నాకూ ముచ్చటేసింది.

ఆ ఫైలును వర్డ్ రూపంలో దించి, వాట్సాప్‌లో జిరాక్స్ అంగడికి పంపింది. అక్కడి కంప్యూటర్లో పెద్దన ఫాంటు లేదు. దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. వరుసలు జారిపోయి, నాలుగు పేజీలు అయిదున్నర అయ్యాయి. బొమ్మ ఒక పేజీలో, దాని కింది మాట ఇంకో పేజీలో. "మామా, అన్నీ ఎగిరిపోయినాయి" అని ఫోన్.

ఇది క్రోమ్‌బుక్ తప్పు కాదు, విండోస్ నుంచి పంపినా ఇదే జరిగేది. మన జిరాక్స్, డీటీపీ అంగళ్లలో తెలుగు అంటే ఎక్కువగా అను ఫాంట్లు. అవి యూనికోడ్ కాదు, వాటి లోకం వేరు. మందు ఒకటే: డాక్స్‌లో File, Download, తర్వాత PDF Document (.pdf) నొక్కి ఆ పీడీఎఫ్‌నే పంపాలి. పీడీఎఫ్‌లో అక్షరాల ఆకారాలు ఫైలుతోపాటే పోతాయి, అవతలి కంప్యూటర్లో ఏ ఫాంటు ఉన్నా లేకపోయినా ఒకటే. ఇంట్లో పాత లేజర్ ప్రింటర్ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. విండోస్ డ్రైవర్ మీదే బతికే పాతకాలపు ప్రింటర్లను చాలావరకు క్రోమ్‌బుక్ గుర్తుపట్టదు. మా చెల్లెలికి ప్రింటర్ లేదు కాబట్టి ఆ గొడవ లేదు, ఎదురు వీధిలో జిరాక్స్ ఉంది.

నెట్ లేకపోతే క్రోమ్‌బుక్ ఉత్త పెట్టె అంటారు. సగం నిజం. డాక్స్‌లో offline అన్న మీట ముందే వేసి ఉంచితే, కరెంటు పోయినా నెట్ పోయినా రాసుకోవచ్చు. నెట్ వచ్చాక అదే పైకి చేరుతుంది. ముందే వేయడం మరిచిపోతే మాత్రం నెట్ పోయాక ఏమీ చేయలేం. దించుకున్న వీడియో పాఠాలు, పీడీఎఫ్‌లు Downloads లో ఉంటాయి, నెట్ అక్కర్లేదు. అయితే ఆ Downloads యంత్రంలోనే ఉంటుంది, గూగుల్ డ్రైవ్‌లో కాదు. ఎప్పుడైనా యంత్రం మొరాయించి Powerwash అని కొత్తదానిలా కడిగితే అందులోవన్నీ పోతాయి. ప్రాజెక్టు ఫొటోలు డ్రైవ్‌లోకి లాగి పెట్టడం పిల్లకు మొదటిరోజే నేర్పాలి.

మా తమ్ముడి కొడుకు విషయంలో మాత్రం నేను క్రోమ్‌బుక్ వద్దన్నాను. తమ్ముడికి కోపం వచ్చింది. "చెల్లెలి బిడ్డకు మంచిదైంది మావానికి కాదా?" అన్నాడు.

వాడు తొమ్మిదో తరగతి. సీబీఎస్ఈ. ఐచ్ఛికంగా ఐటీ సబ్జెక్టు తీసుకున్నాడు, కోడ్ 402. ఆ పుస్తకం గూగుల్ డాక్స్ మీద కాదు, లిబ్రేఆఫీస్ మీద నడుస్తుంది. తొమ్మిదిలో రైటర్, క్యాల్క్, ఇంప్రెస్. పదిలో క్యాల్క్‌లోనే Goal Seek, Scenarios, Macro లాంటివి, ఆపైన బేస్ అనే డేటాబేస్. Goal Seek అంటే జవాబు ముందు చెప్పి ప్రశ్న రాబట్టడం. ఉదాహరణకు, మొత్తం 400 మార్కులు రావాలంటే లెక్కల్లో ఎంత రావాలి అని క్యాల్క్‌ను అడిగితే అది వెనక్కి లెక్కవేసి చెబుతుంది. గూగుల్ షీట్స్‌లో ఆ మెనూ నేరుగా లేదు, బయటి నుంచి తగిలించుకోవాలి. ప్రాక్టికల్ పరీక్షలో అడిగేది క్యాల్క్ మెనూలో ఎక్కడుందో. బేస్‌కైతే గూగుల్ డాక్స్, షీట్స్ లాంటివాటిలో జోడీయే లేదు.

క్రోమ్‌బుక్‌లో లిబ్రేఆఫీస్ అసలు రాదా అంటే, వస్తుంది. About ChromeOS కింద Linux development environment అని ఒకటుంది. దాన్ని తెరిచి, వచ్చిన నల్ల కిటికీలో ఇవి కొట్టాలి:

```
sudo apt update
sudo apt install libreoffice
```

కానీ ఇది గట్టు మీద ఇంకో చిన్న గట్టు కట్టడం. నాలుగు జీబీల్లోంచే దానికీ చోటు పంచాలి, నిల్వలోంచీ కొన్ని జీబీలు కోసివ్వాలి. ఎనిమిది జీబీల క్రోమ్‌బుక్‌లో బాగానే నడుస్తుంది. నాలుగులో తెరవడానికే ఓపిక కావాలి, పదిహేనేళ్ల కుర్రాడి దగ్గర అది తక్కువ. వాడు పదకొండులో కంప్యూటర్ సైన్స్ తీసుకుంటానంటున్నాడు, అక్కడ పైథాన్, పన్నెండులో మైఎస్‌క్యూఎల్. నేర్చుకునే పిల్లవాడు పాఠంతో కుస్తీ పట్టాలి గానీ యంత్రంతో కాదు. రాష్ట్ర సిలబస్ పిల్లలకు పదో తరగతి పరీక్షలో కంప్యూటర్ పేపర్ లేదు కాబట్టి ఈ గోడ వాళ్లకు ఇంటర్ తర్వాత గానీ అడ్డు రాదు.

అట్లని ఇరవై రెండు వేల కొత్త విండోస్ నాలుగు జీబీది కొనమనలేదు. అది రెండు విధాలా నష్టం. ఎవరైనా కొన్నా, S mode లో వచ్చిందేమో చూసుకోవాలి. ఆ స్థితిలో మైక్రోసాఫ్ట్ స్టోర్లో ఉన్నవి తప్ప బయటివి ఎక్కవు. డబ్బు కట్టకుండానే అందులోంచి బయటికి రావచ్చు, మళ్లీ లోపలికి పోలేం, అవసరమూ లేదు. మా తమ్ముడికి చెప్పింది వేరు: ఆఫీసుల్లో వాడి తీసేసిన, ఎనిమిది జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న పాత ల్యాప్‌టాప్. అవే డబ్బులకు దొరికింది.

పాతది కొనేటప్పుడు రెండే చూశాం. మొదటిది, ప్రాసెసర్ ఏ తరానిది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 పద్ధతిగా ఎక్కాలంటే ఇంటెల్ అయితే సుమారు ఎనిమిదో తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రత చిప్పు ఉండాలి. i5-8250U అని రాసుంటే గీత తర్వాతి 8 ఆ తరం. i5-7200U అంటే ఏడు, చౌకగా ఇచ్చినా వద్దు. అంగట్లోనే Windows, R కలిపి నొక్కి tpm.msc కొడితే చిప్పు సంగతి, winver కొడితే ఏ విండోసో తెలుస్తాయి. అడ్డదారిలో ఎక్కించిన విండోస్ 11 ఉన్న ఏడోతరం యంత్రాలు అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి winver ఒక్కటీ నమ్మకూడదు.

రెండోది బ్యాటరీ. కమాండ్ కిటికీలో ఇది కొడితే ఒక ఫైలు తయారవుతుంది:

```
powercfg /batteryreport
```

అందులో DESIGN CAPACITY అంటే పుట్టినప్పటి బలం, FULL CHARGE CAPACITY అంటే ఇప్పుడు మిగిలింది. మొదట చూపించినదాంట్లో 48,000కు 19,000 ఉంది, నలభై శాతం. కరెంటు పోతే ఒక క్లాసు కూడా పూర్తి కాదు. దాన్ని పక్కనపెట్టించి, 48,000కు 37,000 ఉన్నదాన్ని తీసుకున్నాం. అంగడాయన ఆ ఫైలు ఎప్పుడూ చూడలేదట. "ఇదేదో బాగుందే" అని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

పాత 2020 ల్యాప్‌టాప్‌ను పారేయలేదు. తిరిగే డిస్కు తీసేసి చిన్న ఎస్ఎస్‌డీ వేయించి, గూగుల్ ఉచితంగా ఇచ్చే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ ఎక్కించాను. పెన్‌డ్రైవ్ నుంచే ముందు నడిపి చూసుకోవచ్చు, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. అందులో ప్లే స్టోర్ రాదు, ఫోన్ యాప్‌లు నడవవు. బ్రౌజర్, క్లాసు, డాక్స్ వస్తాయి. ఎనిమిదిన్నరకు బటన్ నొక్కాల్సిన యంత్రం ఇప్పుడు అర నిమిషంలో లేస్తోంది. తమ్ముడి చిన్నకొడుకు, మూడో తరగతి, దాన్ని తనదంటున్నాడు.

మా చెల్లెలు క్రోమ్‌బుక్ కొనేముందు ఆఖరి పని ఒకటి చేయించాను. క్రోమ్‌బుక్‌కు మందుసీసాలాగా ఒక గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ తర్వాత అప్‌డేట్లు రావు. 2023లో గూగుల్ దాన్ని పదేళ్లకు పెంచింది, కానీ ఆ పదేళ్లు మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ రకం యంత్రం మొదట బయటికి వచ్చినప్పటి నుంచి. అందుకే ఆన్‌లైన్‌లో ఎనిమిది వేలకు కనబడే పాత క్రోమ్‌బుక్‌లు ఒక్కోసారి గడువు దాటినవే అయి ఉంటాయి. వాడటం ఆగిపోదు గానీ, కొన్నాళ్లకు ఒక్కో సైటూ బ్రౌజర్ పాతదని మొరాయిస్తుంది. క్రోమ్‌బుక్‌లలో ఎక్కువగా, కొన్ని విండోస్ యంత్రాల్లో లాగా ర్యామ్ పెంచించుకోవడమూ కుదరదు, చౌకవాటిలో అన్నీ బోర్డుకే అతికించి ఉంటాయి.

అంగట్లో యంత్రం తెరిపించి Settings, About ChromeOS, Additional details అని ఒక్కోటీ ఫోన్లో చెబుతూ పోయాను. అవతల పాప నొక్కుతూ పోయింది.

"మామా, Update schedule అని ఉంది. జూన్ 2031 అంట."

ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. 2031 వేసవికి ఇంటర్ పరీక్షలు అయిపోయి ఉంటాయి. "తీసుకోమ్మా" అన్నాను. ఇంటికి పోయాక ఆ తేదీని స్కెచ్ పెన్నుతో అట్టపెట్టె మూత లోపల రాసిందట. పెట్టె అటక మీద ఉంది.